ఆరు పళ్ల జత బరిలోకి దిగిన రోజు

మా ఊళ్లో దీన్ని డేటింగ్ అనరు. ఆఫీసులో కుర్రవాళ్లు అంటారు, అదీ నవ్వుతూ. నరసరావుపేట ఇళ్లలో దానికి వాడుకలో ఉన్న మాట ‘బయట కలవడం’. పెళ్లిచూపులకు ముందు ఇద్దరూ ఏదో ఒక హోటల్లో కూర్చుని మాట్లాడుకుంటారు. నచ్చకపోతే రెండిళ్ల మధ్యా ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, వీధికి తెలియదు. నా వంటి వాళ్లకు, అంటే ఒకసారి పెళ్లయి విడిపోయి నలభైకి దగ్గరపడిన వాళ్లకు, ఈ పద్ధతి మరీ సౌకర్యం. ఇంటికి మనుషులు వచ్చి స్వీట్లు తిని పోయాక కుదరలేదని చెప్పుకోవాల్సిన బాధ లేదు.

అలా నేను బయట కలిసిన వాళ్లు కొందరున్నారు. ఒకాయన ఫోన్‌లో షేర్ల ధరలు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను ఒక్క మాటా అనలేదు. మర్యాదగా కాఫీ తాగి, ఇంటికి వచ్చి అక్క మీద విరుచుకుపడ్డాను. మర్నాడు మధ్యవర్తి ఫోన్ చేసి, ‘అబ్బాయికి చానా నచ్చింది, అమ్మాయి నెమ్మదస్తురాలు’ అన్నాడు. మన అసహనం మనలోనే దాచుకుంటే అవతలి మనిషికి అది నెమ్మదితనంలా కనిపిస్తుందని అప్పుడు తెలిసింది. ఇంకొకాయన తాను కట్టిస్తున్న ఇంటి గురించి చెప్పాడు. పునాది దగ్గర మొదలుపెట్టి రెండో అంతస్తు స్లాబు దాకా. నేను ప్రశ్నలు వేస్తూ పోయాను. పత్రికలో చేరిన కొత్తలో విలేకరిగా తిరిగినదాన్ని, ఇప్పుడు డెస్కులో జిల్లా పేజీలు చూస్తున్నాను. ఎదుటివాళ్లు చెబుతుంటే తరువాతి ప్రశ్న దానంతట అదే నోటికి వస్తుంది. ఆయన ఎంతో సంతోషంగా వెళ్లాడు. నేను ఏం పని చేస్తానో కూడా ఆయనకు తెలియదు.

ఆ తరువాత అక్కతో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఇంకొక్కరిని కలుస్తాను. ఆ మనిషికి నా మీద కాస్త కుతూహలం ఉందనిపిస్తే రెండోసారి కలుస్తాను. లేదంటే ఇక ఎవరినీ కలవను, ఆ ప్రస్తావన మళ్లీ మన ఇంట్లో రాకూడదు. ఒంటరిగా నాకు బాగానే గడుస్తోంది. ఉద్యోగం ఉంది, అక్క ఇంటి మేడ మీద వాటా ఉంది. నాకు తక్కువైంది ఒక్కటే, ‘ఇవాళ ఏం జరిగింది’ అని అడిగే మనిషి. అది దొరికేట్టయితే దొరకనీ, లేకపోతే ఎదురుచూడటమైనా మానేస్తాను.

‘సరే’ అంది అక్క. ‘ఆఖరుది గదా, నేనూ వస్తా.’

‘నువ్వెందుకు?’

‘ఐస్‌క్రీమ్ తినడానికి. మీ బావ తిననివ్వడు గదే, షుగర్ అంటాడు.’

పల్నాడు రోడ్డులో ఒక టిఫిన్ హోటల్ పైన ఏసీ గది ఉంది. కిందంతా ఇడ్లీ, దోసె, గోల. పైన మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. నాకు వారానికి ఒకరోజు సెలవు, ఆ రోజే కుదిరింది. అక్క నాలుగు బల్లల అవతల గోడ పక్కన కూర్చుని నాకేసి చూడనట్టు నటించడం మొదలుపెట్టింది. ఆ నటన ఆమెకు బొత్తిగా రాదు.

ఆయన వేళకే వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. రాజుపాలెం దగ్గర పల్లె. అక్కడే పురుగుమందుల షాపు, కొంత మిరప సాగు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. చొక్కా కొత్తది, మడతలు ఇంకా పోలేదు. కూర్చుంటూనే ఫోన్ తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. నాది సైలెంటులో పెట్టి సంచిలో వేసుకున్నాను. ఆయన చూడాలనే కాస్త ఎక్కువసేపు చేశాను ఆ పని. ఆయన చూడలేదు.

పేర్లు, ఊళ్లు, ఎండలు, మిరప ధర అయ్యాయి. ఈలోపే ఆయన చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. తిప్పి చూసి, మళ్లీ బోర్లా పెట్టాడు. కాసేపటికి మళ్లీ. మొదట్లో పట్టించుకోలేదు. షాపు నడిపే మనిషి, మిరప కోతల కాలం. మన ప్రాంతంలో రైతులు ఆకు ముడుచుకుంటే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, ఏ మందు కొట్టాలని అడుగుతారు. అలాంటిది ఒకటి నిజంగానే వచ్చింది. ఆయన రెండు ముక్కలు టైపు చేసి, ‘రైతండీ, తామర పురుగు’ అన్నాడు. ఫరవాలేదన్నాను.

కానీ ఆ తరువాతవి రైతులవి కావు. ఎలా తెలుసంటే, టైపు చేయడం లేదు. ఊరికే తిప్పి చూస్తున్నాడు. అడిగితే, ‘ఆఁ, రైతే’ అంటున్నాడు. నేను మా పేజీలో జరిగిన ఒక సంగతి చెబుతున్నాను. రెండు ఊళ్ల తిరునాళ్ల ఫొటోలు తారుమారై, పొద్దున్నే రెండు ఊళ్ల నుంచీ ఫోన్లు వచ్చిన కథ. మామూలుగా ఎవరైనా నవ్వుతారు. సరిగ్గా నవ్వే చోటికి వచ్చేసరికి ఆయన ఫోన్ తిప్పాడు. ఆయన వెనక గోడకు అద్దం ఉంది. అందులో ఫోన్ తెర కనిపించింది. దుమ్ము, జనం, రెండు తెల్లటి ఎద్దులు.

అక్కడ నేను ఆగాను. కోపంతో కాదు. షేర్ల ఆయన దగ్గర మాట్లాడకుండా ఉండి ఏం సాధించానో గుర్తుంది. కోపం వచ్చేదాకా ఆగితే మాట మొరటుగా వస్తుంది. ముందే అంటే మామూలుగా అనొచ్చు.

‘ఏదైనా అవసరమైన పని ఉంటే చెప్పండి, ఇంకోరోజు కూర్చుందాం. నేనేమీ అనుకోను’ అన్నాను. ‘మీరు ఫోన్ చూస్తుంటే మాత్రం, చెప్పేది ఆపాలో కొనసాగించాలో నాకు తెలియడం లేదు.’

ఆయన చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

‘అబద్ధం ఎందుకులెండి’ అన్నాడు. ‘ఎద్దులు.’

‘ఎద్దులా?’

‘మా జత. ఇవాళ ఒంగోలు వైపు ఒక తిరునాళ్లలో బండ లాగుడు పోటీ. ఆరు పళ్ల విభాగం. యూట్యూబ్‌లో లైవ్ వస్తాంది.’

‘మరి ఇవాళే ఎందుకు ఒప్పుకున్నారు?’

‘మా పెద్దమ్మండీ. పంచాంగం చూసి ఇవాళే మంచిది అన్నది. ఎద్దుల పోటీ ఉంది పెద్దమ్మా అంటే, అయితే ఆ ఎద్దుల్నే చేసుకో అన్నది.’

నవ్వు ఆపుకోలేకపోయాను. నాలుగు బల్లల అవతల చెంచా ఆగిపోయింది.

ఇప్పుడు రెండు దారులున్నాయి. లేచి వెళ్లిపోవచ్చు. నిజం చెప్పిన మనిషిని అలా వదిలి వెళ్లబుద్ధి కాలేదు. లేదా ఫోన్ లోపల పెట్టమనొచ్చు. పెడతాడు, కానీ మనసంతా అక్కడే ఉంటుంది, ముఖం మాత్రం నా వైపు పెట్టి కూర్చుంటాడు. దానికన్నా ఫోన్ చూడటమే నయం. అందుకని మూడోది అడిగాను.

‘మీ జత ఎప్పుడు దిగుతుంది?’

‘చీటీల్లో ఆఖరున వచ్చింది. ఇంకొక్క జతయితే మాదే.’

‘అయితే ఫోన్ ఇటు పెట్టండి, ఇద్దరం చూద్దాం. అయిపోయాక మాత్రం లోపల పెట్టేయాలి. సరేనా?’

‘సరేనండీ’ అన్నాడు, నమ్మలేనట్టు.

నీళ్ల జగ్గుకు ఆనించి ఫోన్ నిలబెట్టాడు. పల్నాడులో పుట్టినదాన్ని, ఎద్దుల పందేల వార్తలు ఎన్నో దిద్దాను. కానీ కూర్చుని చూసింది అదే మొదలు. పళ్లను బట్టి వయసు, వయసును బట్టి విభాగం, విభాగాన్ని బట్టి బండ బరువు అని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ అడుగుల దూరం లాగితే దానిదే గెలుపు. బరి చివరికి వెళ్లి తిరగడంలోనే అంతా ఉంటుందట. తిరిగేచోట ఒక ఎద్దు తడబడితే గొలుసు వదులవుతుంది, బండ ఆగిపోతుంది, ఆగిన బండను మళ్లీ కదిలించడానికే సగం సత్తువ పోతుంది.

వాళ్ల జత దిగింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. వెనక తోలేవాళ్లు అరుస్తూ పరుగెత్తుతున్నారు. మొదటి మలుపు దాటాయి. రెండో మలుపు దగ్గర ఎడమది కాస్త వెనకబడింది. ఆయన బల్ల మీద అరచేత్తో చరిచాడు. సర్వర్ పరుగెత్తుకొచ్చాడు.

‘ఏం కావాలి సార్?’

‘ఏం లేదబ్బాయ్, ఎద్దుని అన్నా.’

అక్క ఇక ఆగలేకపోయింది. ఐస్‌క్రీమ్ కప్పు పట్టుకుని వచ్చి మా పక్కన నిలబడింది.

‘ఏందే ఇది? మాట్లాడుకోమని పంపిస్తే ఇద్దరూ కలిసి ఫోన్ చూస్తన్నారు?’

‘మా అక్క’ అని ఆయనకు చెప్పాను.

‘మా ఎద్దులక్కా’ అన్నాడాయన తల తిప్పకుండా.

అక్క వంగి చూసింది. ‘ఎడమది బాగుంది’ అంది. ఆమెకు ఎద్దుల గురించి ఏమీ తెలియదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

జత రెండో స్థానంలో నిలిచింది. తోలిన మనిషికి ఒక్క ఫోన్ చేసుకుంటానని నన్ను అడిగి, నిలబడే మాట్లాడాడు. ‘నీళ్లు వెంటనే పెట్టొద్దు. కాళ్లు కడుగు. ఎడమదాని గిట్ట చూడు’ అని చెప్పి పెట్టేశాడు. తరువాత నేను గుర్తు చేయకముందే ఫోన్ ఆఫ్ చేసి జేబులో వేసుకున్నాడు. అది నాకు నచ్చింది. ఫోన్ చూసే మనిషా కాదా అన్నది మొదటి పావుగంటలో తేలే విషయం కాదు. చెప్పాక ఏం చేస్తాడన్నదే చూడాలి. కొందరు నొచ్చుకుంటారు, కొందరు ఎదురు మాట అంటారు, కొందరు సరేనని రెండు నిమిషాల్లో మళ్లీ తీస్తారు. ఈయన తీయలేదు.

అక్క తన బల్లకు వెళ్లింది. టీ చెప్పాం. ఇక మాట్లాడుకోవచ్చు అనుకున్నాను.

మాట్లాడింది ఆయనే. దూడలుగా ఉన్నప్పుడు ఆ జతను ఎలా ఏరి తెచ్చాడో చెప్పాడు. ఉలవలు ఎలా ఉడికించాలో, పత్తి గింజలు ఎంతసేపు నానాలో, సాగర్ కాలువలో ఈత కొట్టిస్తే రొమ్ము ఎలా విచ్చుకుంటుందో చెప్పాడు. నేను అలవాటు ప్రకారం అడుగుతూ పోయాను. ఈత కొట్టించేటప్పుడు భయపడవా? కొత్త మనిషి తోలితే వింటాయా? ఆయన ఇంకా ఉత్సాహంగా చెప్పాడు. చాలా బాగా చెప్పాడు కూడా. ఆదివారం సంచికకు మంచి కథనం అవుతుందనుకున్నాను. ఆ ఆలోచన రావడంతోనే ఇల్లు కట్టించిన ఆయన గుర్తొచ్చాడు. నా కప్పులో టీ అయిపోయింది. ఆయన కప్పు నిండుగా ఉంది.

ప్రశ్నలు మానేశాను. ఎవరైనా తమ గురించే చెబుతూ పోతున్నప్పుడు అన్నిటికంటే ముందు చేయాల్సింది అదే, ఎగదోయడం ఆపడం. రెండోది, మన మాట ఒకటి మధ్యలో పెట్టి చూడటం.

‘పందేల ఫలితాలు రాత్రిపూట మా పేజీకి ఆఖరు నిమిషంలో వస్తాయి. చోటు కోసం కొట్టుకుంటాం’ అన్నాను.

‘అవునండీ, పోయినసారి మా జత ఫస్ట్ వస్తే పేపర్లో రానే లేదు. ఎంత పోటీ అనుకున్నారు!’ అని ఆ పోటీలోకి వెళ్లిపోయాడు.

ఇంకోసారి, ‘చిన్నప్పుడు మా నాన్నతో కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లేదాన్ని’ అన్నాను. ఆ దారిలో ఎద్దులతో ఆయన ఒకసారి వెళ్లిన సంగతి వచ్చింది. ఏమీ అనకుండా చూశాను. ఆ ఖాళీని కూడా ఆయనే నింపాడు. తలుపు తట్టి చూశాను, తీయలేదు. ఇక పిలవడమే మిగిలింది. పిలవకుండా ఇంటికి వెళితే, అది నా ఆఖరి ప్రయత్నమన్న మాటకు అర్థం లేదు.

ఆయన ఊపిరి తీసుకునే చోటు చూసి అన్నాను.

‘ఒక మాట అడగనా? మీ జత ఏం తింటుందో, ఎప్పుడు ఈదుతుందో, ఏ మలుపులో తడబడుతుందో నాకు తెలిసిపోయింది. వినడానికి బాగుంది, నిజంగానే. కానీ మీకు నా గురించి ఏం తెలుసు?’

‘పేపర్లో పని చేస్తారు’ అన్నాడు. ‘అక్క ఉన్నారు.’ ఆలోచించాడు. ‘అక్కకి ఐస్‌క్రీమ్ ఇష్టం.’

నవ్వొచ్చింది, కానీ సాయం చేయలేదు. ఇలాంటి చోట జాలిపడి ‘ఫరవాలేదులెండి’ అంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

‘మధ్యవర్తి గట్టిగా చెప్పాడండీ’ అన్నాడు చివరికి. ‘పాత సంగతులు ఎత్తొద్దు, ఆమె మనసు కష్టపెట్టొద్దు, ఏదీ గుచ్చి గుచ్చి అడగొద్దని. మా పెద్దమ్మ కూడా అంతే. ఏది పాతదో, ఏది కాదో నాకేం తెలుసు? ఏదడిగితే ఏం తగులుతదో అని భయం. ఎద్దుల గురించైతే తప్పు మాట దొర్లదు గదా.’

అది నేను ఊహించలేదు. నా మనసు నొప్పించకూడదని ఇరవై ముప్పై మైళ్ల దూరంలో పెద్దవాళ్లు కూర్చుని జాగ్రత్తలు చెప్పుకున్నారు. ఆ జాగ్రత్త ఈ బల్ల దగ్గరికి వచ్చేసరికి నన్ను ఎవరూ ఏమీ అడగకపోవడంగా మారింది. ఇంతకుముందు వచ్చిన వాళ్లలో ఎందరికి ఇలా చెప్పి పంపారో అనిపించింది. అయినా కారణం తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. కారణాలు అందరికీ ఉంటాయి.

‘పాత సంగతులకు నేను అంత సులువుగా కందిపోను’ అన్నాను. ‘చెప్పడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదంటాను. మీరు అడగండి.’

‘ఏది అడిగినా ఫర్లేదా?’

‘అడిగి చూడండి.’

ఆయన విత్తనాలు ఎంచేవాడిలా బల్ల కేసి చూస్తూ కూర్చున్నాడు.

‘పేపర్లో పనంటే సాయంత్రం పోయి, అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తారంట గదా. వచ్చాక అన్నం ఎట్టా? వేడిగా తింటారా, పొద్దుటిదేనా?’

నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అక్క అడగదు, ఎందుకంటే గిన్నె పెట్టేది ఆమే. ఆఫీసులో అడగరు, అందరిదీ అదే బతుకు. చద్దిదేనని, మజ్జిగ కలుపుకుంటానని చెప్పాను. చెప్పి, వెంటనే అలవాటుగా, ‘మరి మీరు, మీకు వంట ఎవరు...’ అన్నాను.

‘నేను అడిగా గదండీ’ అన్నాడు ఆయన. ‘ముందు మీరు చెప్పండి.’

ఇన్నేళ్లుగా ఎదుటివాళ్ల నోట మాటలు రాబట్టిన దాన్ని, నా వంతు వచ్చేసరికి వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయన కాచుకున్నాడు. తొందరపెట్టలేదు, మధ్యలో తన మాట దూర్చలేదు. మెల్లగా మొదలుపెట్టాను. పేజీలన్నీ అచ్చుకు వెళ్లిపోయాక వీధిలో స్కూటీ చప్పుడు ఒక్కటే ఉంటుందని, మేడ మెట్లు ఎక్కుతూ ఆ రోజు జరిగిందంతా లోపల్లోపల ఎవరికో చెబుతుంటానని, తిరునాళ్ల ఫొటోలు తారుమారైన రోజైతే మెట్ల మీద ఒక్కదాన్నే నవ్వుకున్నానని.

‘ఏ ఫొటోలు?’ అన్నాడు.

ఇందాక ఎద్దుల మధ్య కొట్టుకుపోయిన కథ. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. నవ్వాల్సిన చోట నవ్వాడు. ‘మరి తప్పు ఎవరిదో తేలిందా? వాళ్లని తిట్టారా?’ అన్నాడు. తిట్టలేదని, కొత్త కుర్రాడని, సవరణ నేనే రాశానని చెప్పాను. ‘మా ఎడమది కూడా కొత్తలో...’ అని మొదలుపెట్టి, నా ముఖం చూసి, నాలిక కరుచుకున్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ ఒక్కటీ చెప్పనిచ్చాను. చిన్నదే, బాగుంది.

అలవాట్లు ఒక్క పూటలో పోవని నాకు తెలుసు. ఆయన మళ్లీ ఎద్దుల్లో పడతాడు, నేను మళ్లీ విలేకరినైపోతాను. అయితే ఒకసారి చెబితే విన్నాడు. రెండోసారి చెబితే భయపడ్డా అడిగాడు, అడిగినదానికి జవాబు వచ్చేదాకా ఆగాడు. నేను వెతికింది అంతకన్నా పెద్దదేమీ కాదు.

మా దగ్గర జవాబు నేరుగా చెప్పరు. మర్నాడు మధ్యవర్తి రెండిళ్లకూ ఫోన్ చేసి మాట తీసుకుంటాడు. ఆ పద్ధతి వల్లే నెమ్మదస్తురాలిననే పేరు వచ్చింది నాకు. అందుకని ఆయనకే చెప్పాను.

‘వచ్చేవారం నా సెలవు రోజున మళ్లీ కలుద్దాం. పంచాంగం వద్దు, పోటీలు లేకపోతే చాలు.’

‘మధ్యవర్తికి ఏం చెప్పమంటారు?’

‘ఇద్దరం మాట్లాడుకుంటున్నామని చెప్పండి.’

ఆయన తల ఊపాడు. తరువాత ముందుకు వంగి, ‘ఇంతకీ ఆ రెండూళ్ల వాళ్లు ఊరుకున్నారా?’ అన్నాడు. ఊరుకోలేదు. ఒక ఊరి పెద్ద ఆఫీసుకే వచ్చేశాడు. ఆయన ఎలా వచ్చాడో, ఏమన్నాడో చెబుతుండగా అక్క సంచి భుజాన వేసుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది.

‘లేస్తారా? మీ బావ ఇంటి దగ్గర ఎదురుచూస్తంటాడే.’

‘కూర్చో అక్కా’ అన్నాను. ‘ఇంకా సగమే చెప్పాను.’